52లోంచి 28 తీసేస్తే: ఒక ఉపాధ్యాయ కార్యశాలను నాలుగు మెట్లలో కొలిచిన డైరీ

ఏం కొలుస్తున్నాం: ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతికి లెక్కలు చెప్పే ఎస్‌జీటీలకు మూడు రోజుల కార్యశాల. విషయం ఒక్కటే, పదుల నుంచి తెచ్చుకుని చేసే తీసివేత. హాజరు 36 మంది. వీరిలో చీటీలు తీసి 12 మందిని, అంటే 12 బడులను, చివరిదాకా అనుసరించాం. తర్వాతి విడతలో శిక్షణ పొందబోయే పక్క స్కూల్ కాంప్లెక్స్ నుంచి 6 బడులను పోలిక కోసం తీసుకున్నాం. ఇందులో అంకెలన్నీ లెక్క వేసే తీరు చూపడానికి సరళం చేసి పెట్టిన నమూనా అంకెలు. ఏ మండలం ఫలితంగానూ వీటిని వాడకండి. పద్ధతి, పొరపాట్లు, వాటికి మందు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

జూన్ మూడో వారం: పై మెట్టు నుంచి కిందికి

శిక్షణల మూల్యాంకనానికి స్పందన, అభ్యసనం, ప్రవర్తన, ఫలితాలు అనే నాలుగు మెట్లను అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959-60లో వ్యాసాలుగా రాశారు. ఆయన ముందున్నది పరిశ్రమల్లో సూపర్‌వైజర్ల శిక్షణ. దాన్ని బడికి తెచ్చుకునేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టరీలో శిక్షణ పొందిన మనిషి పనిలోనే ఫలితం కనిపిస్తుంది. మన దగ్గర శిక్షణ టీచరుకు, ఫలితం కనపడాల్సింది పిల్లల్లో. ఈ మధ్యలో ఉన్న దూరంలోనే చాలా కార్యశాలల ఫలం ఇంకిపోతుంది.

అందుకని ప్రణాళికను నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టాం. పిల్లల్లో ఏం మారాలి? మూడో తరగతి పిల్లలకు 52 − 28 ఇస్తే చాలామంది 36 అని వేస్తారు. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కాబట్టి తిప్పేసి 8లోంచి 2 తీసి 6 రాస్తారు, పదుల్లో 5లోంచి 2 తీసి 3 రాస్తారు. ప్రతి నిలువు వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడం అన్నమాట. ఇది పరాకు వల్ల వచ్చే తప్పు కాదు. ఆ పిల్ల దృష్టిలో అదే పద్ధతి, ప్రతి లెక్కకూ అదే చేస్తుంది. ఆ పద్ధతి విడిపోతే అది ఫలితం.

దానికోసం టీచరు తరగతిలో ఏం చేయాలి? పది పుల్లలు ఒక కట్ట, ఆ కట్ట విప్పితే పది ఒకట్లు అని పిల్లల చేతులతో చేయించాలి. తప్పు జవాబు చూసి కొట్టివేత గీత పెట్టి పక్కన 24 రాసే బదులు, 36 ఎలా వచ్చిందో అడగాలి. ఇది మూడో మెట్టు. అలా చేయాలంటే టీచరుకు ఏం తెలిసుండాలి? 36 చూడగానే దాని వెనక ఉన్న పద్ధతిని పోల్చుకోవాలి, దానికి తగిన తర్వాతి పని ఎంచుకోగలగాలి. ఇది రెండో మెట్టు. ఇక మొదటిది, ఇదంతా తన తరగతిలో కుదురుతుందని టీచరుకు అనిపించాలి.

కింది నుంచి పైకి రాసుకుంటూ పోతే ఏమవుతుందంటే, ఫీడ్‌బ్యాక్ ఫారం తయారవుతుంది, ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ తయారవుతాయి, మూడో మెట్టు దగ్గర సమయం అయిపోతుంది. నాలుగో మెట్టుకు చివరికి సమ్మేటివ్ మార్కులు అంటిస్తారు. ఆ మార్కుల్లో తీసివేత ఒకటో రెండో ప్రశ్నలు ఉంటుంది, దిద్దేది కూడా అదే టీచరు. వాటిలో ఈ కార్యశాల జాడ పట్టుకోవడం సాధ్యం కాదు.

జూన్ చివరి వారం: పిల్లల పరీక్షలో దొరికిన లోపం

పిల్లల పరీక్షలో ఎనిమిది లెక్కలు. తెచ్చుకోవాల్సిన పని లేనివి రెండు, తెచ్చుకోవాల్సినవి ఐదు, మాటల లెక్క ఒకటి. తెచ్చుకునే వాటిలో మొదట 52 − 27 పెట్టాం. చిత్తుప్రతిని ఒక్కో తప్పు పద్ధతితో చేసి చూసుకుంటున్నప్పుడు దాని లోపం బయటపడింది.

పిల్లలు చేసే ముఖ్యమైన తప్పులు రెండు. మొదటిది పైన చెప్పిన తిప్పి తీయడం. రెండోది, పక్క నుంచి పది తెచ్చుకుంటారు కానీ పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోతారు. ఈ రెండో పిల్లకు కావాల్సిన బోధన వేరు. కట్ట విప్పాలని తెలుసు, విప్పిన కట్టకు లెక్క రాయడం తెలియదు. ఇప్పుడు 52 − 27 చూడండి. తిప్పి తీసే పిల్ల 7లోంచి 2 తీసి 5, పదుల్లో 3, అంటే 35 వేస్తుంది. తగ్గించడం మరిచిన పిల్ల 12లోంచి 7 తీసి 5, పదుల్లో 3, మళ్లీ 35 వేస్తుంది. ఇద్దరిదీ ఒకే జవాబు. ఎవరు ఎక్కడ ఆగారో కాగితం చెప్పదు.

ఒకట్ల అంకెల మధ్య తేడా సరిగ్గా 5 అయిన ప్రతి లెక్కలోనూ ఇదే జరుగుతుంది. అందుకని 52 − 28 పెట్టాం. ఇందులో తేడా 6. మొదటి పిల్ల 36 వేస్తుంది, రెండో పిల్ల 34, సరైన జవాబు 24. మిగతావి 71 − 45, 63 − 27, 84 − 58, 60 − 34. అన్నిట్లోనూ తేడా 4. తర్వాతి పరీక్షకు అంకెలు మార్చినప్పుడు కూడా ఇదే నియమం పాటించాం. 60 − 34ను విడిగా గమనించాలి. పైన సున్నా ఉన్నప్పుడు కొందరు పిల్లలు సున్నాలోంచి ఏం తీసినా సున్నానే అని 30 రాస్తారు. అది మూడో రకం తప్పు.

ఐదింటిలో కనీసం మూడు లెక్కల్లో ఒకే తప్పు పద్ధతి కనిపిస్తేనే ఆ పిల్లకు ఆ పద్ధతి స్థిరపడిందని రాసుకున్నాం. ఒక్క లెక్కలో కనిపిస్తే పరాకు కావచ్చు.

పరీక్ష పెట్టింది ఆ బడి టీచర్లు కాదు, వేరే కాంప్లెక్స్‌కు చెందిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు. కాగితం మీద అడుగున చిత్తు చేసుకునే ఖాళీ వదిలాం. కొట్టేసిన అంకెలూ, పక్కన గీసిన పుల్లలూ కూడా మాకు సమాచారమే కాబట్టి రబ్బరు వాడొద్దని, తప్పయితే ఒక గీత కొట్టి పక్కన రాయమని చెప్పాం.

జులై రెండో వారం: కార్యశాల మూడు రోజులు, మొదటి మెట్టు

స్పందన ఫారం ఎప్పుడు, ఎవరి చేతికి ఇస్తామన్న దాన్ని బట్టే దాని విలువ. మూడో రోజు సాయంత్రం హాజరు ధ్రువపత్రం ఇచ్చే బల్ల దగ్గరే రిసోర్స్ పర్సన్ ఫారాలు తీసుకుంటే అందరూ 5 పెడతారు. బస్సు టైము ఒకవైపు, ఎదురుగా మూడు రోజులు కష్టపడి పాఠం చెప్పిన మనిషి మరోవైపు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, అది మర్యాద. ఆ మర్యాదను కొలిచి కార్యశాల నాణ్యత అని రాయడమే తప్పు.

కాబట్టి ఫారం మూడో రోజు మధ్యాహ్న భోజనానికి ముందే ఇచ్చాం. పేరు లేదు. మూత ఉన్న అట్టపెట్టెలో వేయమన్నాం. రిసోర్స్ పర్సన్లను ఆ పావుగంట బయట ఉండమన్నాం. పేరుకు బదులు ఒక గుర్తు రాయించాం: అమ్మ పేరులో మొదటి అక్షరం, తాను పుట్టిన తేదీలో రోజు, ఫోను నంబరులో చివరి రెండు అంకెలు. ఇదే గుర్తు ప్రీ టెస్టు, పోస్టు టెస్టు మీద కూడా ఉంటుంది. ఎవరో తెలియకుండానే ఒకే మనిషి కాగితాలు జత చేయవచ్చు. రెండు ఫోన్లున్న వాళ్లు ఒక్కోసారి ఒక్కో నంబరు రాయడంతో కొన్ని జతపడలేదు. 36లో 31 కలిశాయి. ఈసారి ఫోను నంబరుకు బదులు ఉద్యోగంలో చేరిన సంవత్సరం పెట్టుకుంటే మేలు.

ఇంత జాగ్రత్త పడ్డా మొత్తం సగటు 5కు 4.7 వచ్చింది. ఫారాలు ఒక్కొక్కటే తిరగేస్తే 36లో 29 ఫారాల్లో దాదాపు అన్ని వాక్యాలకూ 5 ఉంది. మధ్యలో కావాలనే ఒక తిరగేసిన వాక్యం పెట్టాం: "ఈ మూడు రోజుల్లో నేను కొత్తగా నేర్చుకున్నది తక్కువ." దానికీ 11 మంది 5 పెట్టారు. చదవకుండా నింపినవి ఎన్నో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. సగటును నివేదికలో వేయలేదు, ఈ 11ను వేశాం.

ఫారంలో పనికొచ్చినవి రెండే ప్రశ్నలు, రెండూ రాసేవే. ఒకటి: "ఇందులో ఏ పనిని, ఏ పాఠంలో, ఏ రోజు మొదలుపెడతారు?" రెండోది: "దానికి అడ్డం వచ్చేదేమిటి?" మొదటిదానికి 22 మంది ఫలానా పాఠం, ఫలానా రోజు అని రాశారు. మిగతా 14 మంది "తప్పకుండా ఆచరిస్తాను" వంటి మాట రాశారు. రెండోదానికి 14 మంది ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఉండటాన్ని రాశారు, 9 మంది సామగ్రి లేదని రాశారు. ఒక ఫారంలో ఉన్నది యథాతథంగా: "మూడో తరగతికి పుల్లలు ఇచ్చి నేలమీద కూర్చోబెడితే అదే గదిలో ఒకటో తరగతి వాళ్లు వచ్చి పుల్లలు తీసుకుంటారు." కార్యశాలలో ఈ సంగతికి జవాబు చెప్పిన సెషన్ ఒక్కటీ లేదు. ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, మూడో మెట్టులో మళ్లీ వస్తుంది.

అదే వారం: రెండో మెట్టు

టీచర్ల పరీక్ష 12 ప్రశ్నలు, 12 మార్కులు. మూడు రకాలు, రకానికి నాలుగు. మొదటి రకం, తీసివేత స్వయంగా చేయడం, కట్టలతో బొమ్మ గీసి చూపడం. రెండో రకం, పిల్లల తప్పును పోల్చుకోవడం. ఉదాహరణకు, "ఒక పిల్ల 52 − 28కి 36, 71 − 45కి 34 వేసింది. అదే పద్ధతిలో 403 − 178కి ఏం వేస్తుంది?" జవాబు 375. "పిల్లకు తీసివేత రాదు" అని రాస్తే మార్కు లేదు, 375 రాస్తేనే పద్ధతి పట్టుకున్నట్టు. మూడో రకం, ఆ పిల్లకు ఇప్పుడు ఏ పని ఇస్తారు, ఎందుకు.

మొత్తం సగటు చూస్తే కార్యశాలకు ముందు 5.2, తర్వాత 8.4. ఇక్కడితో ఆపేస్తే కార్యశాల బాగా జరిగిందని రాసేయొచ్చు. విడదీసి చూస్తే కథ వేరు. మొదటి రకంలో ముందు 3.8, తర్వాత 3.8. అందరికీ ముందే వచ్చు, పెరగడానికి చోటు లేదు. రెండో రకం 0.9 నుంచి 3.0కి వెళ్లింది. మూడో రకం 0.5 నుంచి 1.6 దాకానే వచ్చింది.

పెరుగుదలను పోల్చాలంటే, పెరగగలిగినంతలో ఎంత పెరిగిందో చూడాలి. రెండో రకంలో పెరగడానికి ఉన్న చోటు 4 − 0.9 = 3.1, పెరిగింది 2.1, అంటే 0.68. మూడో రకంలో చోటు 3.5, పెరిగింది 1.1, అంటే 0.31. తప్పు పట్టుకోవడం నేర్చుకున్నారు, పట్టుకున్నాక ఏం చేయాలన్నది సగంలో ఆగింది. కారణం కోసం టైమ్‌టేబుల్ చూస్తే చాలు. "తర్వాతి పని" సెషన్ మూడో రోజు మధ్యాహ్నానికి పెట్టారు. ఆ సమయంలో సగానికి పైగా ఆన్‌లైన్ ఎంట్రీల సూచనలకు పోయింది, మిగిలింది 40 నిమిషాలు. చివరి మధ్యాహ్నం ఎప్పుడూ కోతకు గురయ్యేదే కాబట్టి, అన్నిటికన్నా కష్టమైన సెషన్‌ను అక్కడ పెట్టకూడదు.

ఇంకొక సంగతి. "పిల్లల తప్పుకు కారణం నేను కనుక్కోగలను" అన్న వాక్యానికి తమకు తాము వేసుకున్న మార్కు ముందు 4.1, తర్వాత 4.0. మార్కు తగ్గిందంటే నష్టం జరిగినట్టా? పరీక్షలో అదే నైపుణ్యం మూడు రెట్లు దాటింది. జరిగిందేమిటంటే, ముందు "కారణం" అంటే ఏమిటో తెలియక 4 వేసుకున్నారు, తెలిశాక కొలబద్దే మారింది. ఇలాంటి సొంత అంచనాలు అడగాలనుకుంటే కార్యశాల తర్వాతే రెండూ అడగాలి: "మూడు రోజుల కింద నేను ఎంత, ఇప్పుడు ఎంత" అని.

ఆరు వారాల తర్వాత కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇదే తరహా పరీక్ష మళ్లీ పెట్టాం. రెండో రకం 2.7 దగ్గర నిలిచింది. మూడో రకం 0.9కి జారింది. కార్యశాల ముగిసిన సాయంత్రం పెట్టే పరీక్ష ఆ రోజు జ్ఞాపకాన్నే ఎక్కువగా కొలుస్తుంది.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట: మూడో మెట్టు

ఇక్కడే ఎక్కువ శ్రమ, ఎక్కువ తప్పులు కూడా ఇక్కడే.

పరిశీలన పద్ధతి ఇది. 40 నిమిషాల పీరియడ్‌లో 2వ నిమిషం నుంచి ప్రతి నాలుగు నిమిషాలకు ఒకసారి తల ఎత్తి చూడాలి. మొత్తం 10 చూపులు. ప్రతి చూపులో మూడింటికి అవును, కాదు రాయాలి: పుల్లలు పిల్లల చేతుల్లో ఉన్నాయా, పిల్లలు జవాబు ఎలా వచ్చిందో చెబుతున్నారా, టీచరు ఒక తప్పు మీద నిలబడి మాట్లాడుతున్నారా. "పాఠం బాగా చెప్పారు: 4/5" లాంటి గళ్లు తీసేశాం, ఎందుకంటే ఇద్దరు పరిశీలకులు అలాంటి గడిలో ఎప్పుడూ ఒకటి వేయరు.

అసలు పనికి ముందు ఇద్దరు పరిశీలకులను నాలుగు తరగతుల్లో పక్కపక్కన కూర్చోబెట్టి విడివిడిగా రాయించాం. పుల్లల ప్రశ్నకు 40 చూపుల్లో 33 చోట్ల కలిశారు, అంటే 82.5 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఇద్దరూ ఎక్కువగా "కాదు" రాస్తుంటే అనుకోకుండా కూడా చాలా కలుస్తాయి. ఆ భాగం తీసేసి చూడాలి, అలా వచ్చే అంకెను కప్పా అంటారు. మొదటి పరిశీలకుడు 15 చోట్ల, రెండో పరిశీలకురాలు 12 చోట్ల "అవును" రాశారు.

```
అనుకోకుండా కలిసే భాగం = (15/40 × 12/40) + (25/40 × 28/40) = 0.55
కప్పా = (0.825 − 0.55) / (1 − 0.55) = 0.61
```

0.61తో పనిలోకి దిగడానికి మనసొప్పలేదు. కలవని ఏడు చూపులనూ కూర్చుని చూస్తే అన్నిటికీ ఒకటే కారణం: పుల్లలు బల్ల మీద పిల్లల ముందు ఉన్నాయి, పిల్లలు ముట్టుకోవడం లేదు. ఒకరు అవును అన్నారు, ఒకరు కాదన్నారు. "చూసిన క్షణంలో కనీసం ఒక జట్టు పిల్లల వేళ్ల మధ్య పుల్లలు కదులుతుండాలి" అని నిర్వచనం మార్చాక మళ్లీ రెండు తరగతులు చూస్తే 20లో 19 కలిశాయి.

పెద్ద చిక్కు వేరే ఉంది. పరిశీలకులు వస్తున్నారని బడికి ముందే తెలుస్తుంది, చెప్పకుండా వెళ్లడం మర్యాదా కాదు. వచ్చిన రోజు పుల్లలు బయటికొస్తాయి. కొన్ని బడుల్లో కట్టలకు వేసిన రబ్బరు బ్యాండ్లు కొత్తవిగా మెరుస్తూ, పుల్లల అంచులు ఏమాత్రం నలగకుండా ఉన్నాయి. ఆరు వారాలు పిల్లల చేతుల్లో మెదిలిన కట్ట అలా ఉండదు. ఐస్‌పుల్లల కొనలు మట్టి రంగు తిరుగుతాయి, బ్యాండ్లు తెగిపోతాయి, వాటి స్థానంలో దారమో సుతిలి తాడో వస్తుంది. దారం కట్టిన కట్టలున్న బడిలో పని జరుగుతోందని ముందే అనుకోవచ్చు.

నమ్మదగిన సాక్ష్యం పిల్లల నోటు పుస్తకం. ప్రతి బడిలో హాజరు పట్టీ నుంచి ప్రతి మూడో పేరు చొప్పున ఐదుగురిని తీసుకుని, గత మూడు వారాల పేజీలు ఫొటో తీశాం. టీచరు తెచ్చిచ్చిన పుస్తకాలు తీసుకోకూడదు, అవి ఎప్పుడూ శుభ్రంగా ఉన్నవే అవుతాయి. పేజీలో చూసింది రెండే. తప్పు లెక్క దగ్గర ఏముంది? ఎర్ర గీత, పక్కన సరైన జవాబు ఉంటే పాత పద్ధతి. తప్పు లెక్క అలాగే ఉండి, కింద అదే లెక్క కట్టలు, పుల్లల బొమ్మతో మళ్లీ చేసి ఉంటే కొత్త పద్ధతి. ఒక పుస్తకంలో 52 − 28 = 36 ఉంది. దాని కింద పిల్ల గీసిన ఐదు నిలువు కట్టలు, రెండు చిన్న గీతలు. ఒక కట్టను సున్నా చుట్టి కొట్టేసి, పక్కన పది గీతలు పెట్టింది. తర్వాత ఎనిమిది ఒకట్లు, రెండు కట్టలు కొట్టేసి 24 రాసింది. పది గీతలు పెట్టేటప్పుడు పదకొండోది పడి, దాన్ని చెరిపిన మచ్చ కూడా ఉంది. ఈ పేజీని ఎవరి కోసమూ ముందురోజు తయారు చేయలేరు.

పరిశీలన, పుస్తకం రెండూ కలిపి చూస్తే 12 బడుల్లో మూడు గుంపులు తేలాయి. ఐదు బడుల్లో పుల్లలు పిల్లల చేతుల్లో ఉన్నాయి, పుస్తకాల్లో జాడ ఉంది. మూడు బడుల్లో టీచరు తన బల్ల మీద కట్ట విప్పి చూపుతున్నారు, పిల్లలు చూస్తున్నారు. నాలుగు బడుల్లో ఏమీ లేదు. ఆ నాలుగింటిలో రెండు చోట్ల పరిశీలన రోజు పుల్లలు కనిపించాయి, పుస్తకాల్లో మాత్రం ఒక్క బొమ్మా లేదు.

మారని ఏడుగురు టీచర్లను అడిగినవి మూడే ప్రశ్నలు: ఎలా చేయాలో గుర్తుందా, వస్తువులు సరిపోయాయా, చేసే వీలుందా? మొదటిదానికి ఇబ్బంది ఉన్నది ఇద్దరికే. వస్తువుల సంగతి తేలిగ్గా లెక్క వేయవచ్చు. ఐదుగురి జట్టుకు 9 కట్టలు, 10 విడి పుల్లలు, అంటే 100 పుల్లలు కావాలి. 18 మంది తరగతికి నాలుగు జట్లు, 400 పుల్లలు. కార్యశాలలో బడికి ఇచ్చింది ఒక్క కిట్, 100 పుల్లలు. ఒక్క కిట్ ఉంటే అది టీచరు బల్ల మీదికి చేరడం సహజం. ఆ మూడు బడులు అలా బల్ల దగ్గర ఆగడానికి కారణం టీచరు మనసు మారకపోవడం అని రాసి ఉంటే పెద్ద అన్యాయం జరిగేది. కిట్ల లెక్క తప్పింది, అది నిర్వాహకుల పొరపాటు. మారిన ఐదు బడుల్లో నలుగురు టీచర్లు చీపురు పుల్లలు విరిచి మిగతా జట్లకు సొంతంగా చేసుకున్నారు.

మిగిలిన నాలుగు బడుల్లో మూడు ఏకోపాధ్యాయ బడులు. స్పందన ఫారంలో ఒకటో తరగతి పిల్లలు పుల్లలు తీసుకుంటారని రాసిన మాట ఇక్కడ కళ్లకు కట్టింది. ఉపాధ్యాయ శిక్షణల కోసం థామస్ గస్కీ 2000లో ఈ మెట్లను మార్చి, అభ్యసనానికీ ఆచరణకూ మధ్య సంస్థ ఇచ్చే తోడ్పాటు అనే మెట్టు చేర్చారు. మన బడులకు ఆ మెట్టు తప్పనిసరి అని మా అభిప్రాయం. అది లేకపోతే గది, టైమ్‌టేబుల్, కిట్ల లోటంతా టీచరు ప్రవర్తన ఖాతాలో పడుతుంది.

ఆ పన్నెండు మంది తమ గుర్తు చెప్పాక స్పందన ఫారాలను జత చేస్తే, మారిన ఐదుగురూ ఫలానా పాఠం, ఫలానా రోజు అని రాసిన వాళ్లే. మారని ఏడుగురిలో అలా రాసింది ఇద్దరు. పన్నెండు మందితో నియమం చెప్పలేం. కానీ వచ్చే విడతలో 1 నుంచి 5 గళ్లన్నీ తీసేసి ఆ ప్రశ్నను ఉంచడానికి ఇది చాలు.

నవంబరు: నాలుగో మెట్టు

దసరా సెలవుల తర్వాత రెండు వారాలు ఆగి పిల్లల పరీక్ష మళ్లీ పెట్టాం. సెలవుల నుంచి రాగానే పెడితే మరిచిపోవడాన్ని కొలిచినట్టు అవుతుంది. రెండు పరీక్షలకూ హాజరైన పిల్లలనే లెక్కలోకి తీసుకున్నాం: కార్యశాల బడుల్లో 241 మందిలో 212, పోలిక బడుల్లో 113 మందిలో 98. రాని వాళ్లలో వెనకబడిన పిల్లలు ఎక్కువైతే సగటు దానంతటదే పెరుగుతుంది. అందుకే రాని పిల్లల మొదటి పరీక్ష మార్కులు రెండు వైపులా సరిచూసుకున్నాం.

బడి సగటులు తీసి, వాటి సగటు వేశాం. కార్యశాల బడుల్లో సరైన జవాబులు 31 శాతం నుంచి 54కు వచ్చాయి. పోలిక బడుల్లో 33 నుంచి 45కు. పోలిక బడులు లేకపోతే 23 శాతం పాయింట్లు మా ఘనతే అనుకునేవాళ్లం. కార్యశాల లేని చోట కూడా నాలుగు నెలల్లో 12 పెరిగింది, అది మామూలు బోధన, వయసు చేసిన పని. మిగిలిన తేడా 11.

ఆ 11 ఎంత గట్టిది? మనకున్నది 212 మంది పిల్లలు అనుకుంటే పొరపాటు. ఒక టీచరు కింద ఉన్న పిల్లలంతా కలిసి కదులుతారు, కాబట్టి గట్టిగా మాట్లాడితే మన దగ్గర ఉన్నవి 12 బడులు, 6 బడులు. వాటిలో ఒక బడిలో పెరుగుదల 46. అక్కడున్నది ఏడుగురు పిల్లలు. ఆ ఒక్క బడి తీసేస్తే మిగతా 11 బడుల పెరుగుదల దాదాపు 21, తేడా 9కి వస్తుంది. నివేదికలో రెండు అంకెలూ రాశాం.

మూడో మెట్టులోని గుంపుల వారీగా విడదీస్తే ఇంకా స్పష్టం. పిల్లల చేతుల్లో పుల్లలున్న ఐదు బడుల సగటు పెరుగుదల 34. బల్ల మీద చూపిన మూడు బడుల్లో 18. ఏమీ మారని నాలుగు బడుల్లో 13, అంటే కార్యశాలకే రాని బడులతో దాదాపు సమానం. ఇక్కడొక జాగ్రత్త: పూనుకుని చీపురు పుల్లలు విరిచిన టీచరు మిగతా విషయాల్లోనూ చురుకైనవారే కావచ్చు. ఐదు బడుల మొదటి పరీక్ష సగటు మిగతా వాటికన్నా ఎక్కువేమీ లేదని చూసుకున్నాం, అది కొంత ధైర్యం. అంతకుమించి చెప్పలేం.

సగటు మార్కు కన్నా మాకు ఎక్కువ చెప్పిన అంకె తప్పు పద్ధతిది. తిప్పి తీసే పద్ధతి స్థిరపడిన పిల్లలు కార్యశాల బడుల్లో 212లో 74 మంది ఉండేవారు, నవంబరులో 38. పోలిక బడుల్లో 98లో 35 నుంచి 29. అదే సమయంలో, తెచ్చుకుని పదుల్లో తగ్గించడం మరిచే పిల్లల సంఖ్య కార్యశాల బడుల్లో కాస్త పెరిగింది. చూడగానే దిగులు పుట్టిస్తుంది కానీ, కాగితాలు జత చేసి చూస్తే వీళ్లలో ఎక్కువమంది జూన్‌లో తిప్పి తీసినవాళ్లే. 36 వేసే పిల్ల ఇప్పుడు 34 వేస్తోంది. రెండూ తప్పే, మార్కు రెండింటికీ సున్నానే, కానీ ఆ పిల్ల కట్ట విప్పింది. పరీక్షలో 52 − 27 లాంటి లెక్కలే ఉంచేసి ఉంటే రెండుసార్లూ ఒకే తప్పు జవాబు చూసి, ఏమీ కదలలేదని రాసేవాళ్లం.

డిసెంబరు: నివేదిక

నాలుగు పేజీలు. మొదటి పేజీలో పిల్లల ఫలితం, రెండో పేజీలో తరగతి గది, మూడో పేజీలో టీచర్ల పరీక్ష, స్పందనకు చివర అర పేజీ. ఎంఈఓ గారు మొదటి పేజీ చదివి ఆపినా అసలు సంగతి అందాలి. బడుల పేర్లు లేవు. గుంపుల సంఖ్యలే ఉన్నాయి, ఎందుకంటే పేర్లు పెట్టిన మరుక్షణం వచ్చే ఏడాది పరిశీలనకు కొత్త రబ్బరు బ్యాండ్లే కనిపిస్తాయి.

"కార్యశాల వల్ల 11 శాతం పెరిగింది" అని రాయలేదు. రాసిన వాక్యం ఇది: "కార్యశాల బడుల్లో పెరుగుదల పోలిక బడుల కన్నా 9 నుంచి 11 శాతం పాయింట్లు ఎక్కువ. ఈ అదనంలో ఎక్కువ భాగం పిల్లల చేతికి పుల్లలు అందిన ఐదు బడుల నుంచే వచ్చింది."

ఫిబ్రవరి విడతకు అడిగినవి మూడు. బడికి ఒక కిట్‌కు బదులు జట్టుకు ఒకటి, లేదా మొదటి రోజు మధ్యాహ్నం టీచర్ల చేతే చీపురు పుల్లలతో నాలుగు కిట్లు కట్టించడం. "తర్వాతి పని" సెషన్ రెండో రోజు ఉదయానికి మార్చి, అందులో 34 వేసే పిల్లకు ఏం చేయాలో విడిగా రెండు గంటలు. ఏకోపాధ్యాయ బడుల టీచర్లకు వేరే గదిలో ఒక పూట, ఒకటో తరగతి పిల్లలకు అదే సమయంలో పుల్లలతోనే పదేసి లెక్కపెట్టి కట్ట కట్టే పని ఎలా అప్పగించాలో చేసి చూపడం. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. మూడోదానికి రిసోర్స్ పర్సన్ కావాలి. మారిన ఐదు బడుల్లో ఒకటి ఏకోపాధ్యాయ బడే కాబట్టి, అక్కడి మేడంను అడుగుతున్నాం.